గాలి పెరిగిన పూట పరంజా కిర్రుమంటే

విశాఖ శివార్లలో అయిదంతస్తుల భవనం లేస్తోంది. ఆషాఢమాసం. తెల్లవారక ముందు నుంచే గాలి విసిరి కొడుతోంది. రోడ్డు వైపు గోడకు ప్లాస్టరింగ్ జరుగుతోంది. ఆ గోడ పొడవునా 20 మీటర్లు, ఎత్తున 15 మీటర్లు ఇనుప పైపుల పరంజా నిలబెట్టారు. దుమ్ము, సిమెంటు పెళ్లలు కింద పడకుండా దానికి ఆకుపచ్చ వల కట్టారు. కింద సిమెంటు బస్తాలు లెక్క పెట్టుకుంటున్న మేస్త్రి చెవిన నాలుగో అంతస్తు దగ్గరి నుంచి 'కిర్రు'మని సన్నని చప్పుడు పడింది. కాసేపు ఏమీ లేదు. మళ్లీ గాలి విసిరింది, మళ్లీ అదే చప్పుడు.

"పని ఆపండి! చేతిలోవి అక్కడే పెట్టేసి కిటికీల్లోంచి లోపలికి పోండి" అని కేకేశాడు మేస్త్రి.

"ఏటయింది మేస్త్రిగారూ? మాలు కలిపేశాం, గట్టిపడిపోద్ది" అన్నాడు పైనుంచి ప్లాస్టరింగ్ చేస్తున్నతను.

"పోతే పోనీ. ముందు నువ్వు లోపలికి ఎల్లు."

ఈ మేస్త్రి కల్పితమే. కానీ అంత సన్నని చప్పుడుకే ఒక పూట పని ఆపడం పిరికితనమా, లెక్క తెలిసిన పనా అన్నది మాత్రం పరంజా ఎక్కే ప్రతి మనిషికీ సంబంధించిన ప్రశ్న.

పరంజా అన్నాక చప్పుడు చేస్తుంది. కూలీ నడిస్తే కాళ్ల కింది పలక కిర్రుమంటుంది. ఎండెక్కితే పైపు సాగి టిక్కుమంటుంది. వీటికి భయపడనక్కర్లేదు. మేస్త్రి పట్టుకున్నది వేరే లక్షణం. ఎవరూ కదలకపోయినా ఆ చప్పుడు వస్తోంది, అదీ గాలి విసిరినప్పుడే వస్తోంది, ప్రతిసారీ ఒకే చోటి నుంచి వస్తోంది. అంటే మనుషుల బరువుకు కాదు, గాలి తోపుకి ఏదో ఒక అతుకు జరుగుతోంది.

పైపుల పరంజాలో అతుకులను పట్టి ఉంచేది క్లాంపు. అది పైపును రాపిడితో మాత్రమే పట్టుకుంటుంది. బోల్టు సరిగ్గా బిగిస్తే, రెండు పైపులను అడ్డంగా కలిపే మంచి క్లాంపు సుమారు 600 కిలోల లాగుడు దాకా జారకుండా తట్టుకుంటుంది. బిగింపు తగ్గినా, తుప్పు పట్టినా, లోపల సిమెంటు పేరుకున్నా ఆ బలం ఎంతో పడిపోతుంది. ఒకసారి జారడం మొదలైతే గాలి ఆగినప్పుడు క్లాంపు తన పాత చోటికి తిరిగి రాదు. ప్రతి విసురుకీ వెంట్రుకవాసి జరుగుతుంది, బోల్టు ఇంకాస్త వదులవుతుంది. చెవికి వినిపించే కిర్రు అదే.

మరి గాలికి అంత బలం ఎక్కడిది? దాని తోపు వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 4 కిలోల బరువంత తోస్తే, 50 కిలోమీటర్ల గాలి దాదాపు 12 కిలోలంత తోస్తుంది. ఉత్త పైపుల మధ్య నుంచి గాలి దూసుకుపోతుంది. వల కడితే అది తెరచాప అవుతుంది. మన గోడ మీది వల 300 చదరపు మీటర్లు. సందుల్లోంచి సగం గాలి పోతుందని అనుకుందాం. అప్పుడు కూడా 30 కిలోమీటర్ల గాలికి 600 కిలోలకు పైగా, 50 కిలోమీటర్ల విసురుకి సుమారు 1,800 కిలోల తోపు పరంజా మీద పడుతుంది.

దీన్ని భరించేది గోడకూ పరంజాకూ మధ్య బిగించే అడ్డు పైపులు. వీటిని టైలంటారు. మన గోడకు నాలుగు వరుసల్లో 16 టైలు ఉన్నాయనుకోండి. 1,800 కిలోలు పదహారింటికీ పంచితే ఒక్కోదానికి 110 కిలోలు. మంచి క్లాంపుకి అది లెక్కలోకి రాదు.

చిక్కంతా ప్లాస్టరింగ్‌తో మొదలవుతుంది. టై గోడలోకి వెళ్లే చోట మాలు పూయడం కుదరదు. పూసేవాళ్లు 'కాసేపు తీసి మళ్లీ పెడదాం' అని క్లాంపు విప్పుతారు. ప్లాస్టరింగ్ పై నుంచి కిందికి దిగుతుంది గనక ముందుగా ఊడేవి పై టైలే. మన గోడకు పై రెండు వరుసలూ తీసేశారనుకుందాం. అప్పుడు 7 మీటర్ల ఎత్తు నుంచి పైనున్న 8 మీటర్ల పరంజా ఏ ఆధారమూ లేకుండా ఊగుతుంది. గాలి దాన్ని పైన తోస్తుంటే, కింద మిగిలిన చివరి వరుస మీద ఆ బలం అంతా రెట్టింపై పడుతుంది. అప్పటిదాకా 110 కిలోలు మోసిన ఒక్కో టై ఇప్పుడు 500 కిలోలకు పైగా మోయాలి. ఒకసారి తోపు, మరోసారి లాగుడు. 600 కిలోల హద్దుకి అది ఎంతో దూరం లేదు. అందులో ఒక్కటి వదులుగా ఉన్నా అది ముందు జారుతుంది, దాని వాటా పక్కవాటి మీద పడుతుంది. ఆ తర్వాత అన్నీ వరసగా పోవడానికి పెద్దగా సమయం పట్టదు.

ఆపడంలోనూ పద్ధతుంది. అందరూ ఒకేసారి నిచ్చెన మీద పడితే, జారుతున్న అతుకుల మీద అదనపు ఊపు పడుతుంది. అందుకే మేస్త్రి దిగమనలేదు, కిటికీల్లోంచి లోపలికి వెళ్లమన్నాడు. సామాను దించమనలేదు. కింద పరంజా ఎత్తుకు సరిపడా దూరం వరకు తాడు కట్టి, రోడ్డు మీద పోయేవాళ్లను పక్కకు మళ్లించాడు. వల విప్పుతామని ఒక కుర్రాడు ఎక్కబోతే వద్దన్నాడు. అనుమానం ఉన్న పరంజాను సరిచేయడానికి దాని మీదికే మనిషిని పంపడం చాలా పెద్ద తప్పు.

తర్వాత నాలుగో అంతస్తు లోపలి నుంచి చూశాడు. ఆనవాళ్లు కళ్ల ముందే ఉన్నాయి. రెండు టైల చోట గోడలో చిల్లులు మాత్రమే మిగిలాయి. అడ్డ పైపు మీద క్లాంపు పక్కనే తుప్పు పోయి, వేలెడు మేర కొత్తగా మెరుస్తోంది. తూకం గుండు వేలాడదీస్తే పై నిలువు పైపు గోడ నుంచి బయటికి ఒరిగింది. బాగు చేయడమూ లోపలి నుంచే. కిటికీలోంచి పైపు బయటికి చొప్పించి పరంజాకు బిగించారు. లోపల ఆ పైపుకు కిటికీ వెడల్పు దాటేలా అడ్డ పైపు కట్టారు. అలా రెండు వరుసలూ తిరిగి పట్టు దొరికాక, గాలి తగ్గాక, పై వల విప్పారు. క్లాంపుకీ పైపుకీ కలిపి సుద్దతో గీత గీశారు. జారితే ఆ గీత రెండుగా విడిపోతుంది, మరునాడు ఉదయం చూడగానే తెలిసిపోతుంది.

మన దేశంలో 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు పరంజాను బాధ్యత గల వ్యక్తి తనిఖీ చేయాలన్నాయి. వానకూ గాలికీ గురయ్యాక మళ్లీ చూడాలన్నది అందులో భాగమే. చిన్న భవనాల దగ్గర ఆ బాధ్యత మేస్త్రిదే అవుతుంది, ఆ పూట నష్టం మాత్రం కూలీలది. ఆగిన పూటకు కూలి ఇవ్వకపోతే రేపు చప్పుడు విన్నవాడు నోరు మెదపడు. నా లెక్కలో ఆ పూట కూలీ పరంజా ఖర్చులో చేరాల్సిందే, క్లాంపుల అద్దెతో పాటు.

ప్లాస్టరింగ్‌వాళ్లతో మేస్త్రి ఒక ఒప్పందానికి వచ్చాడు. ఏ టై తీయాలన్నా ముందు తనకు చెప్పాలి. దాని పక్క కిటికీలో మరో టై బిగించాకే పాతది విప్పాలి. ఆ గోడ పూత పూర్తయ్యేదాకా టైలు విప్పే పానా అతని దగ్గరే ఉంటుంది.