పైలట్ లైసెన్సు: పరీక్షలు, మెడికల్, గంటల లెక్క

భారతదేశంలో విమానం నడపడాన్ని వృత్తిగా చేసుకోవాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉండాలి. దీన్ని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అందరూ పిలిచే పేరు డీజీసీఏ, జారీచేస్తుంది. అభ్యర్థికి 18 ఏళ్లు నిండాలి, రాత పరీక్షలు పాసై ఉండాలి, మొదటి శ్రేణి వైద్య ధ్రువపత్రం చేతిలో ఉండాలి, 200 గంటలు విమానం నడిపి ఉండాలి, నడపగలనని ఆకాశంలో పరీక్షకుడికి చూపించి ఉండాలి. వీటిలో ప్రతిదానికీ విడిగా తేదీలుంటాయి. అవన్నీ దరఖాస్తు చేసే రోజున ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. ఒక్కొక్కటిగా అన్నీ సాధించిన విద్యార్థి కూడా ఆ ఒక్క రోజున ఏదో ఒకటి తక్కువై ఆగిపోవడం ఇందుకే జరుగుతుంది.

వరుసలో వైద్య పరీక్షను ముందు పెట్టుకోవడం తెలివైన పని. శిక్షణకు లక్షల్లో డబ్బు కట్టాక కంటిలోనో గుండెలోనో లోపం బయటపడితే ఆ కుటుంబానికి కలిగే నష్టం చిన్నది కాదు. పరీక్ష రెండు మెట్లుగా నడుస్తుంది. మొదట డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర రెండో శ్రేణి పరీక్ష చేయించుకోవాలి. విద్యార్థి పైలట్‌గా శిక్షణ మొదలుపెట్టడానికి ఇది సరిపోతుంది. తర్వాతది మొదటి శ్రేణి. ఢిల్లీ, బెంగళూరుల్లోని వాయుసేన వైద్య కేంద్రాలతో పాటు ఇందుకోసం అనుమతి పొందిన కొన్ని చోట్ల మాత్రమే తొలిసారి ఈ పరీక్ష చేస్తారు. మూడో శ్రేణి అని ఇంకొకటి ఉంది కానీ అది పైలట్లకు కాదు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు.

కళ్లద్దాలు ఉంటే పైలట్ కాలేరన్న నమ్మకం మన ఊళ్లలో ఇప్పటికీ బలంగా ఉంది. అది నిజం కాదు. మొదటి శ్రేణికి అద్దాలతోనైనా సరే ఒక్కో కన్ను విడిగా 6/9, రెండు కళ్లూ కలిపి 6/6 చూడగలిగితే దూరపు చూపు సరిపోయినట్టే. అద్దాలు వాడేవారు విమానంలో అదనంగా ఇంకో జత దగ్గర ఉంచుకోవాలి. అసలు గట్టి అడ్డంకి రంగుల గుర్తింపు. చుక్కల మధ్య దాగిన అంకెలను చదివించే ఇషిహారా పటాలతో దీన్ని చూస్తారు. రన్‌వే దీపాలు, టవర్ నుంచి వచ్చే కాంతి సంకేతాలు, ఎదురొచ్చే విమానం రెక్కల చివరన ఉండే ఎరుపు, ఆకుపచ్చ దీపాలు, ఇవన్నీ రంగుతోనే అర్థమవుతాయి. పుట్టుకతో వచ్చిన రంగుల లోపానికి చికిత్స లేదు గనుక ఇంటర్ చదివే రోజుల్లోనే కంటి డాక్టరు దగ్గర ఈ ఒక్క పరీక్షా చేయించుకుంటే మంచిది. చూపు తర్వాత ఈసీజీ, వినికిడి, రక్త, మూత్ర పరీక్షలు ఉంటాయి.

ఫలితం ఫిట్, అన్‌ఫిట్ అని రెండే మాటల్లో రాదు. మధ్యలో ‘తాత్కాలికంగా అన్‌ఫిట్’ అనే మూడోది ఉంది. బరువు, రక్తపోటు, రక్తంలో చక్కెర వంటివి హద్దు దాటినప్పుడు కొంత గడువిచ్చి, సరిచేసుకుని మళ్లీ రమ్మంటారు. ఇది తిరస్కారం కాదు. కానీ ఆ గడువులో విమానం నడపకూడదు, అంటే గంటలు ఆగిపోతాయి. నలభై ఏళ్ల లోపు వారికి మొదటి శ్రేణి ధ్రువపత్రం 12 నెలలు చెల్లుతుంది. గడువు ముగిసే వారంలో అపాయింట్‌మెంట్ వెతుక్కునే విద్యార్థికి ధ్రువపత్రం తీరిన తర్వాతి రోజు నుంచే సోలో ఎగరడం కుదరదు.

గ్రౌండ్ పరీక్షలను ఆ పేరుతో పిలవడానికి కారణం అవి నేలమీద, తరగతి గదిలో నేర్చుకునే విద్యకు సంబంధించినవి కావడమే. ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్ అని విభజించి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బహుళైచ్ఛిక ప్రశ్నలతో రాయిస్తారు. ఒక్కో దానిలో 70 శాతం రావాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు. టెక్నికల్ జనరల్ ఇంజన్లు, పరికరాలు, విమానం ఎలా ఎగురుతుందన్న సూత్రాల గురించి. స్పెసిఫిక్ మాత్రం అభ్యర్థి లైసెన్సులో చేర్చుకోదలచిన ఆ ఒక్క విమానం గురించే. సెస్నా 172 మీద శిక్షణ పొందినవారు దాని ఇంధన వ్యవస్థ నుంచి వేగ పరిమితుల దాకా చెప్పగలగాలి. వీటికి తోడు రేడియోలో మాట్లాడే అర్హతకు ఆర్‌టీఆర్ సర్టిఫికెట్ వేరుగా సంపాదించాలి. అందులో రాయడమే కాదు, నోటితో మాట్లాడి చూపించడమూ ఉంటుంది.

ఎక్కువమందిని నిలబెట్టేది నావిగేషన్. దానిలోని లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూడొచ్చు. బేగంపేట నుంచి విజయవాడకు నేరు దూరం సుమారు 144 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. 48 మైళ్లు వెళ్లాక కింద కనిపించే గుర్తును మ్యాపుతో పోల్చి చూస్తే, గాలి తోసేయడం వల్ల విమానం అనుకున్న గీతకు 4 మైళ్లు పక్కకు జరిగిందని తేలింది. అరవై మైళ్లకు ఒక మైలు తప్పితే ఒక డిగ్రీ తప్పినట్టన్నది పైలట్లు వాడే సూత్రం. నాలుగును అరవైతో హెచ్చించి 48తో భాగిస్తే 5 డిగ్రీలు. అంతే వెనక్కి తిప్పితే విమానం పాత గీతకు సమాంతరంగా పోతుంది తప్ప విజయవాడ చేరదు. మిగిలిన 96 మైళ్లలో ఆ నాలుగు మైళ్లూ పూడ్చుకోవాలంటే ఇంకో రెండున్నర డిగ్రీలు కలపాలి. మొత్తం ఏడున్నర. పరీక్షలో మూడు డిగ్రీలు, అయిదు డిగ్రీలు, ఏడున్నర అని జవాబులు పక్కపక్కనే ఉంటాయి. ప్రశ్న సమాంతరంగా వెళ్లడం గురించా, గమ్యం చేరడం గురించా అన్నది చదవకుండా అయిదు దగ్గర గుర్తు పెట్టేవారు చాలామంది. పాత ప్రశ్నలు బట్టీపట్టి 70 తెచ్చుకోవచ్చేమో కానీ, కృష్ణా లోయ మీద పొగమంచులో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ బట్టీ అక్కరకు రాదు.

ఇక గంటలు. 200 గంటల మొత్తం దరఖాస్తుకు ముందరి అయిదేళ్లలో నడిపినదై ఉండాలి. అందులో కనీసం 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా నడిపినవి కావాలి. విద్యార్థి విషయంలో ఇది దాదాపుగా సోలో ఎగిరిన సమయమే. పక్కన శిక్షకుడు కూర్చుంటే అది డ్యుయల్ కింద వేరే గడిలోకి పోతుంది. ఈ నూరింటిలో 15 గంటలు దరఖాస్తుకు ముందరి ఆరు నెలల్లో నడిపి ఉండాలి. ఊళ్లు దాటే క్రాస్ కంట్రీ సోలో 20 గంటలు, పరికరాల మీదే ఆధారపడి ఎగిరే ఇన్‌స్ట్రుమెంట్ సమయం 10 గంటలు, రాత్రి 5 గంటలు, ఆ రాత్రి ప్రయాణాల్లో పైలట్ ఇన్ కమాండ్‌గా పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు ఉండాలి. ఇన్‌స్ట్రుమెంట్ పదిలో సిమ్యులేటర్ మీద చేసినవి అయిదుకు మించి లెక్కకు రావు.

క్రాస్ కంట్రీల్లో ఒకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి పూర్తిగా ఆగాలి. బేగంపేట నుంచి విజయవాడ వెళ్లి తిరిగొస్తే 288 మైళ్లే అవుతుంది. పది పన్నెండు మైళ్ల తేడాతో ఆ రోజంతా పడిన కష్టం ఈ నిబంధనకు పనికిరాకుండా పోతుంది. విజయవాడలో దిగి, అక్కడి నుంచి రాజమండ్రి వెళ్లి దిగి, తిరిగి బేగంపేట చేరితే 400 మైళ్లు దాటుతుంది, రెండు చోట్లా ఆగినట్టూ అవుతుంది.

ఇప్పుడొక ఊహా విద్యార్థి లాగ్‌బుక్ తిరగేద్దాం. మొత్తం 203 గంటలు. సోలో 102 గంటల 10 నిమిషాలు. ఇన్‌స్ట్రుమెంట్ పదిన్నర గంటలు. రాత్రి 5 గంటల 20 నిమిషాలు, 11 ల్యాండింగ్‌లు. అట్ట మీద నుంచి చూస్తే అన్నీ నిండాయి. లోపలికి వెళ్తే ఇన్‌స్ట్రుమెంట్ సమయంలో 6 గంటలు సిమ్యులేటర్‌వి. అందులో అయిదే చెల్లుతాయి గనుక అసలు లెక్క తొమ్మిదిన్నర, అరగంట తక్కువ. పదకొండు రాత్రి ల్యాండింగ్‌లలో మూడు శిక్షకుడితో చేసినవి, మిగిలింది ఎనిమిది, రెండు తక్కువ. వానాకాలంలో రెండు నెలలు విమానాలు ఎగరలేదు గనుక ఆరు నెలల్లో సోలో 12 గంటల 40 నిమిషాలే ఉంది, 2 గంటల 20 నిమిషాలు తక్కువ. ఈ మూడింటినీ రాత్రి సోలోతో ఒకటి, ఇన్‌స్ట్రుమెంట్ పాఠంతో ఒకటి, పగటి సోలోతో ఒకటి కలిపి నాలుగైదు ఎగరడాల్లో పూడ్చుకోవచ్చు. కానీ ఆలస్యం చేస్తే ఆరు నెలల కిటికీ ముందుకు జరుగుతూ, మొదట్లో ఎగిరిన సోలో గంటలను రోజుకొకటిగా బయటికి తోసేస్తుంది. అందుకే దరఖాస్తు తేదీని ముందు అనుకుని, దాని నుంచి వెనక్కి లెక్కించి చివరి ఎగరడాలను వేసుకోవాలి.

లాగ్‌బుక్‌లో తప్పులు ఎక్కువగా చిన్న చోట్లే దొర్లుతాయి. టేకాఫ్ ఉద్దేశంతో విమానం తనంత తానుగా కదిలిన క్షణం నుంచి, దిగి చివరగా ఆగే దాకా గడిచినదంతా ఎగిరిన సమయమే. గాలిలో ఉన్న నిమిషాలు మాత్రమే రాసుకునేవారు నిమిషాలు పోగొట్టుకుంటారు. గంటా 45 నిమిషాలను దశాంశంలో రాస్తే 1.75, 1.45 కాదు. ఈ పొరపాటు నూరు ఎంట్రీల్లో జరిగితే మొత్తం ఎంత పక్కకు పోతుందో ఊహించుకోవచ్చు. ఇంకొకటి కాలమానం. టవర్ రికార్డులు ప్రపంచ సమన్వయ సమయంలో ఉంటాయి, భారత సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. పదిహేనో తేదీ తెల్లవారుజామున 4 గంటలకు ఎగిరితే టవర్ పుస్తకంలో అది పద్నాలుగో తేదీ రాత్రి 22:30. విద్యార్థి ఒక పేజీలో ఒక పద్ధతి, ఇంకో పేజీలో ఇంకో పద్ధతి వాడితే రికార్డులు పోల్చి చూసేవారికి ఆ ఎగరడమే జరగలేదని అనిపిస్తుంది.

పోల్చి చూడడం నిజంగానే జరుగుతుంది. ఒక్కో ఎగరడం విద్యార్థి పుస్తకంలోనే కాదు, విమానం జర్నీ లాగ్‌లో, శిక్షణ సంస్థ ఆథరైజేషన్ పుస్తకంలో, టవర్ ఉన్నచోట దాని రికార్డులోనూ నమోదవుతుంది. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు తీసుకున్న పైలట్లు పట్టుబడి అరెస్టులు జరిగిన తర్వాత ఈ పరిశీలన మరింత గట్టిపడింది. ఇప్పుడు ఈజీసీఏ పోర్టల్‌లోని ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్‌లోనూ గంటలు నమోదు చేయాలి. శిక్షణ సంస్థ వాటిని ధ్రువీకరించాలి. కాగితం పుస్తకం ఒకటి, తెర మీద లెక్క ఇంకొకటి చెబితే దరఖాస్తు ప్రశ్నతో తిరిగొస్తుంది.

కాగితం పుస్తకంలో సిరాతోనే రాయాలి. తప్పు పడితే తెల్లరంగు పూసి దానిమీద రాయడం అనుమానానికి తావిస్తుంది. పాత అంకె కనిపించేలా ఒక గీత గీసి, పక్కన సరైనది రాసి, బాధ్యుడైన శిక్షకుడి సంతకం తీసుకోవడం మంచి అలవాటు. డ్యుయల్ ఎంట్రీలకు శిక్షకుడి సంతకం అదే రోజు పడాలి. అతను వేరే సంస్థకు మారిపోయాక ఆర్నెల్ల నాటి సంతకం కోసం తిరగడం వల్ల ఎందరికో దరఖాస్తు ఆలస్యమైంది. ప్రతి పేజీ కింద మొత్తాన్ని ముందు పేజీ మొత్తంతో కలిపి, దాన్ని అడ్డంగా డ్యుయల్, సోలో గడులతో సరిచూసుకుంటే తేడా అక్కడే దొరుకుతుంది. నింపేసిన పుస్తకాన్ని కూడా పారేయకూడదు. చివరి ఎంట్రీ వేసిన రోజు నుంచి కనీసం అయిదేళ్లు దాచి ఉంచాలని నిబంధన.