బిల్లు మారిస్తే చాలదు, రిటర్న్ మారాలి

హైదరాబాద్‌లో నేను లెక్కలు చూసే ఒక చిన్న కార్యాలయానికి 2025 మే 27న మూడు కంప్యూటర్లు వచ్చాయి. ఒక్కోటి నలభై వేలు. మొత్తం లక్షా ఇరవై వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 21,600. బిల్లు మీద మా పేరుంది, చిరునామా ఉంది, మొత్తం సరిపోయింది. ఫైల్లో పెట్టేశాం. జూన్ 16న పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి తీసి చూస్తే ఆ బిల్లు మాత్రం లేదు.

ఫైల్లోంచి బిల్లు తీసి జీఎస్టీ నంబరు ఒక్కో అక్షరం చదివితే విషయం తెలిసింది. ఆ నంబరు మాది కాదు. మా పేరుకు దగ్గరగా ఉన్న పేరుతో సరఫరాదారుకు మరో కస్టమరు ఉన్నారు. బిల్లు కొట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో వాళ్ల నంబరు పడింది. మా 21,600 వాళ్ల ఖాతాలో కనిపిస్తోంది.

ఇలాంటి తప్పులు ఎక్కువగా ఈ దారిలోనే వస్తాయి. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది పాన్ నంబరు. చివరి అక్షరం ముందున్న పద్నాలుగింటి నుంచి లెక్కగట్టి వచ్చేది. అందుకే ఒక అక్షరం తప్పు కొడితే పోర్టల్ సాధారణంగా అక్కడే ఆపేస్తుంది. ఆపలేనిది మరొకరి అసలైన నంబరును. అదే సంస్థకు విజయవాడలో ఉన్న శాఖ నంబరు వేసినా అంతే. అప్పుడు రాష్ట్రం కూడా మారుతుంది కాబట్టి రాష్ట్ర, కేంద్ర పన్నులకు బదులు ఐజీఎస్టీ పడి చిక్కు ఇంకా పెద్దదవుతుంది.

ఫోన్ చేస్తే సరఫరాదారు అకౌంటెంటు వెంటనే ఒప్పుకున్నారు. "పొరపాటైంది సార్. నంబరు మార్చి సాయంత్రంలోగా కొత్త బిల్లు వాట్సాప్‌లో పంపిస్తా" అన్నారు. అన్నట్టే పంపారు కూడా. చాలామంది ఇక్కడే పని అయిపోయిందనుకుని మోసపోతారు. కొనుగోలుదారుకు క్రెడిట్ రావాలంటే చేతిలో సరైన బిల్లు ఉండాలి, సరఫరాదారు తన జీఎస్టీఆర్-1లో దాన్ని మన నంబరు మీద చూపించాలి కూడా. మే నెల రిటర్న్ జూన్ 11నే వెళ్లిపోయింది. కాగితం మారింది గానీ పోర్టల్‌లో పాత నంబరే ఉంది.

రిటర్న్ వేయకముందే పట్టుకుని ఉంటే సరిదిద్దిన బిల్లుతోనే సరిపోయేది. వేసేశాక సరఫరాదారు తర్వాతి నెల జీఎస్టీఆర్-1లో 9ఏ పట్టికలోకి వెళ్లి, పాత బిల్లును సవరించి మన నంబరు పెట్టాలి. అదే నెలకు సవరణలు చేసుకునే జీఎస్టీఆర్-1ఏ అనే ఫారం ఉంది కానీ, కొనుగోలుదారు నంబరు మార్చడానికి అది పనికిరాదు. టర్నోవరు ఐదు కోట్లు దాటి ఈ-ఇన్వాయిస్ ఇచ్చే సరఫరాదారైతే 24 గంటల్లోపు దాన్ని రద్దు చేసుకోవచ్చు. రద్దు చేసిన బిల్లు నంబరును మళ్లీ వాడలేరు, కొత్త నంబరుతో బిల్లు ఇవ్వాలి. ఆ గడువు దాటితే వాళ్లకూ రిటర్న్‌లో సవరణే దారి.

అందుకే ఫోన్ మాటతో వదలకుండా మెయిల్ పెట్టాను: "మే 27 నాటి మీ బిల్లులో కొనుగోలుదారు జీఎస్టీ నంబరు తప్పుగా పడింది. పడిన నంబరు, మా సరైన నంబరు కింద ఇచ్చాం. మా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జత చేశాం. పన్ను విలువ 21,600. దయచేసి జూన్ నెల జీఎస్టీఆర్-1లో 9ఏ పట్టికలో సవరించి, జూలై 11లోగా దాఖలు చేసి మాకు తెలియజేయగలరు." తప్పు నంబరు పడ్డ ఆ రెండో కస్టమరుకు కూడా చెప్పమని అడిగాం. వాళ్లు పోర్టల్‌లోని ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో ఆ బిల్లును తిరస్కరించాలి. పొరపాటున క్రెడిట్ తీసుకుని ఉంటే వెనక్కి కట్టాలి.

కంప్యూటర్ల ధర లక్షా ఇరవై వేలు చెల్లించి, పన్ను మొత్తం మాత్రం ఆపాం. ఇలా ఆపినా బిల్లు తేదీ నుంచి 180 రోజులు దాటనివ్వకూడదు. దాటితే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాల్సి వస్తుంది. ప్రతి చిన్న తప్పుకూ బిల్లు తిప్పి పంపనక్కర్లేదు. వీధి పేరులో అక్షరదోషం ఉన్నా, ఇద్దరి జీఎస్టీ నంబర్లు, సరుకు వివరం, మొత్తం విలువ, పన్ను సరిగ్గా ఉంటే క్రెడిట్ తీసుకోవచ్చు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన సరుకైతే సరఫరా స్థలం కూడా ఉండాలి.

2025-26లో వచ్చిన బిల్లులకు సవరణకూ క్రెడిట్‌కూ ఆఖరి తేదీ 2026 నవంబరు 30. వార్షిక రిటర్న్ ముందే వేస్తే గడువు ఆ రోజుతోనే ముగుస్తుంది.

జూలై 14న వచ్చిన 2బిలో సవరించిన బిల్లు మా నంబరు కింద కనిపించింది. జూన్ నెల 3బిలో క్రెడిట్ తీసుకున్నాం. ఆపిన 21,600 ఆ సాయంత్రమే సరఫరాదారుకు పంపాం.