చేర్యాల బొమ్మకు ఆన్‌లైన్‌లో ధర కట్టేదెలా?

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు వేసే పటాలు ఒకప్పుడు ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే కథకుల కోసం తయారయ్యేవి. ఇప్పుడు వాటిని కొనేవాళ్లలో చాలామంది ఫోన్‌లో ఫొటో చూసి డబ్బు కడుతున్నారు. ఆ ఫొటోలో చేత్తో వేసిన బొమ్మ, మిషన్ మీద తీసిన ప్రింటు ఒకేలా కనిపిస్తాయి. ఒకటి పదివేలు, ఇంకొకటి పదిహేను వందలు ఎందుకో అమ్మేవాళ్లే చెప్పాలి. చెప్పకపోతే కొనేవారి కంటికి ఆనేది చవక ధర ఒక్కటే.

లెక్క ఒరిజినల్ నుంచి మొదలుపెట్టాలి. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న పటం అనుకుందాం. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి కలిపి పూతలు పెట్టి ఆరబెట్టాలి, తర్వాత రంగులు, చివర్లో గీతలు. సామాగ్రికి 600, ఐదు రోజుల పనికి రోజుకు వెయ్యి చొప్పున 5,000, కరెంటు, కుంచెలు, ఇంటి అద్దెలో వాటాగా 400. చేతికి రావాల్సింది 6,000 రూపాయలు. చాలామంది దీనిమీద ఓ వెయ్యి కలిపి 7,000కు పెట్టేస్తారు. రేపు ఏదైనా గ్యాలరీ అడిగి, 40 శాతం కమిషన్ తీసుకుంటే మిగిలేది 4,200. అప్పుడు గ్యాలరీలో ధర పెంచితే, అదే చేతిపని ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోందని కొన్నవాళ్లు నిలదీస్తారు. కాబట్టి మొదటి రోజు నుంచే రెండు చోట్లా ఒకే ధర, 10,000 పెట్టడం మంచిది. గ్యాలరీకి పోగా 6,000 వస్తుంది. ఎట్సీ లాంటి వేదిక అమ్మకం ధర మీద, రవాణా ఖర్చు మీద కూడా 6.5 శాతం తీసుకుంటుంది, చెల్లింపు చార్జీలు వేరే. అన్నీ కలిపి 12 శాతం పోయినా 8,800 మిగులుతుంది. అదనంగా వచ్చిన ఆ 2,800 ఫొటోలకు, ప్యాకింగుకు, అమ్ముడుపోని బొమ్మలకు పనికొస్తుంది.

ప్రింటు లెక్క వేరు. స్కానింగ్‌కు ఒక్కసారి 1,500 పెట్టి 50 ప్రింట్లు తీస్తే ఒక్కోదానికి 30 పడుతుంది. ఏ4 సైజులో కాటన్ కాగితం, పిగ్మెంట్ సిరా, ప్యాకింగుతో కలిపి మొత్తం 450 అనుకోండి. 1,500కు అమ్మితే కమిషన్ పోను 870 మిగులుతుంది. సైజు ఒరిజినల్ కంటే చిన్నదిగా ఉండటమే నాకు సబబనిపిస్తుంది. అప్పుడు ఒకదాన్ని చూసి ఇంకొకటనుకునే అవకాశం తగ్గుతుంది. పేరులోనే ‘ప్రింటు’ అని రాయాలి. అడుగున పెన్సిల్‌తో 7/50 అని వేసి సంతకం చేస్తే, యాభై ఒకటోది తీయనని మాట ఇచ్చినట్టే. ఒరిజినల్ అమ్మేసినా, రాతపూర్వకంగా ఇవ్వనంతవరకు ప్రింట్లు తీసే హక్కు చిత్రకారుడిదే. ఆ సంగతి బిల్లు మీద ఒక్క వాక్యంలో రాసి ఇస్తే తర్వాత గొడవ ఉండదు.

ఇక పంపడం. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఆ పటానికి ఫ్రేము కట్టి, చుట్టూ కుషన్ పెట్టి పెట్టెలో పెడితే పెట్టె 71 సెంటీమీటర్ల పొడవు, 56 వెడల్పు, 15 మందం అవుతుంది. కొరియర్‌వాళ్లు సాధారణంగా ఈ మూడింటినీ హెచ్చించి 5,000తో భాగిస్తారు. దాదాపు 12 కిలోలు వస్తుంది. తూకంలో నాలుగు కిలోలే ఉన్నా ఆ 12 కిలోలకే చార్జి. అదే పటాన్ని గొట్టంలో చుట్టి పంపితే కిలోకు అటూ ఇటూ. వెడల్పాటి గొట్టం మీద, బొమ్మ వేసిన వైపు బయటికి వచ్చేలా చుట్టాలి. లోపలికి చుడితే రంగు పొర నలిగి పగిలే ప్రమాదం ఎక్కువ. మధ్యలో బటర్ పేపర్ ఉండాలి. బబుల్ ర్యాప్ నేరుగా బొమ్మకు తగిలితే ఎండవేడికి గుండ్రటి అచ్చులు పడతాయి.

ఫ్రేముతోనే కావాలని కొనేవారు పట్టుబడితే అద్దం బదులు అక్రిలిక్ షీటు వేయించండి. అది బరువులో అద్దానికి సగమే, పగిలి ముక్కలై బొమ్మను కోయదు; గీతలు మాత్రం తేలిగ్గా పడతాయి. షీటుకు బొమ్మకు మధ్య మౌంటు ఉండాలి, లేకుంటే తేమకు అంటుకుపోతుంది. వెనక కొక్కేలు విప్పి విడిగా పెట్టండి. మూలలకు అట్ట తొడిగి, ప్లాస్టిక్ కవరుతో మూసి, పెట్టెలో పెట్టి, దాన్ని ఇంకో పెద్ద పెట్టెలో చుట్టూ రెండేసి అంగుళాల కుషన్‌తో పెట్టాలి. మూసిన పెట్టెను ఊపితే ఏదీ కదలకూడదు. కదిలితే మళ్లీ విప్పాల్సిందే. ‘జాగ్రత్త’ అని స్టిక్కర్ అంటిస్తే చాలదు, నడుమెత్తు నుంచి పడుతుందనుకునే కట్టాలి.

బీమా తీసుకునే ముందు అద్దం పగిలితే చెల్లిస్తారా అని అడగండి. చాలా పాలసీలు అద్దాన్ని వదిలేస్తాయి. ప్యాక్ చేస్తూ తీసిన ఫొటోలు ఉంచుకోండి. కొనేవారిని పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయమని ముందే అడగండి.

అన్నీ చూశాక నా సలహా ఒకటే: ఒరిజినల్ గొట్టంలో పంపండి, ఫ్రేము వాళ్ల ఊళ్లోనే కట్టించుకోమనండి, అందుకు కావాల్సిన కొలతలు రాసి కూడా ఇవ్వండి.