ఫ్రీజ్ అయిన ఖాతా: బ్యాంకుకు రాసే లేఖలో ఏం ఉండాలి?

విజయవాడలో పాత ఫోన్లు కొని అమ్మే చిన్న దుకాణం ఉందనుకుందాం. ఓ కుర్రాడు వచ్చి ఒక ఫోన్ నచ్చిందని, యూపీఐలో 18,500 రూపాయలు పంపి తీసుకెళ్లాడు. పదిహేను రోజుల తర్వాత దుకాణదారు సరుకు డబ్బులు కట్టబోతే లావాదేవీ ఆగిపోయింది. ఖాతాలో 2,36,000 ఉన్నా ఒక్క రూపాయి కూడా కదలడం లేదు. బ్రాంచిలో అడిగితే, వేరే రాష్ట్రపు సైబర్ పోలీసుల నుంచి నోటీసు వచ్చిందన్నారు.

ఎక్కడో మోసపోయిన మనిషి 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తాడు. పోలీసులు, బ్యాంకులు కలిసి ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో వెంటపడి చూస్తారు. మోసగాడి ఖాతా నుంచి రెండు మూడు చేతులు మారిన సొమ్ములో కొంత ఈ ఫోన్ ధరగా దుకాణానికి చేరింది. దుకాణదారు తప్పు చేశాడని ఇంకా ఎవరూ తేల్చలేదు, అయినా ఆ జాడ ఆయన ఖాతా దాకా వచ్చి ఆగింది.

నోటీసు ఇచ్చింది పోలీసులు కాబట్టి, బ్యాంకు మేనేజరు తనంతట తాను దాన్ని తీసేయలేరు. అందుకే "వెంటనే నా ఖాతా తెరవండి" అని మాత్రమే రాసిన లేఖ ఫైల్లోనే ఉండిపోతుంది. బ్యాంకు చేయగలిగిన పనులు వేరే ఉన్నాయి. నోటీసు నకలు, ఫిర్యాదు నంబరు, దర్యాప్తు అధికారి పేరు, ఈమెయిల్ ఇవ్వగలదు. వివాదంలో ఉన్న మొత్తం ఎంతో చెప్పగలదు. పోలీసులు ఆపమన్నది 18,500 మాత్రమే అయితే, ఖాతా మొత్తాన్ని కాక ఆ మొత్తానికే లీన్ పెట్టి మిగతాది వాడుకోనివ్వగలదు. లేఖలో గట్టిగా అడగాల్సింది ఇదే.

ఇలా రాయొచ్చు:

"బ్రాంచి మేనేజరు గారికి, మీ బ్రాంచిలోని నా కరెంటు ఖాతాలో ఫలానా తేదీ నుంచి డబ్బు తీయడం నిలిచిపోయింది. ఫలానా తేదీన, ఫలానా యూటీఆర్ నంబరుతో వచ్చిన 18,500 రూపాయలు నా దుకాణంలో అమ్మిన పాత ఫోన్‌కు వచ్చిన ధర. ఆ ఫోన్ ఐఎంఈఐ నంబరు, అమ్మకపు బిల్లు, నేను దాన్ని కొన్నప్పటి రసీదు జతచేశాను. కొన్న వ్యక్తితో నాకు వేరే లావాదేవీలు లేవు. ఖాతాలోని మిగతా సొమ్ము నా రోజువారీ అమ్మకాలది, మూడు నెలల స్టేట్‌మెంటు ఇస్తున్నాను. నోటీసు నకలు, దర్యాప్తు అధికారి వివరాలు ఇప్పించండి. నోటీసు ఆ మొత్తానికే పరిమితమైతే లీన్ దానికే ఉంచి, మిగతా ఖాతాను నడవనివ్వండి. ఈ లేఖను ఆ అధికారికి పంపవలసిందిగా కోరుతున్నాను."

సొమ్ము మూలం గురించిన వాక్యాలే ఈ లేఖకు ప్రాణం. "వ్యాపారంలో వచ్చింది" అంటే పోలీసుకు ఏమీ తెలియదు. ఏ వస్తువు, ఏ రోజు, ఎవరికి, ఎంతకు అన్నది స్టేట్‌మెంటులోని పంక్తితో కలవాలి. ఆ పంక్తిని రంగుతో గుర్తించి ఇస్తే చదివేవారికి వెతుకులాట తప్పుతుంది. బిల్లు రాయలేదనుకోండి, ఇప్పుడు పాత తేదీతో రాసి పెట్టడం చాలా ప్రమాదం. బిల్లుల వరుస సంఖ్యలోనో, జీఎస్టీ లెక్కల్లోనో తేడా దొరికితే నిజమైన అమ్మకం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. బిల్లు లేదని రాసి, వాట్సాప్ మాటలు, స్టాకు పుస్తకంలోని వివరం జతచేయడమే మేలు.

లేఖ ఒక ప్రతి మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోవాలి. అదే లేఖను పత్రాలతో దర్యాప్తు అధికారికి ఈమెయిల్‌లోనూ పంపాలి, ఎందుకంటే విడుదల చేయమనే మాట అక్కడి నుంచే రావాలి. ఈలోగా "మీ ఖాతా విడిపిస్తాను, ఇంత పంపండి" అని ఫోన్ చేసేవారు ఎదురవుతారు. వారికి ఒక్క పైసా పంపకూడదు. ఫిర్యాదుదారుకు నేరుగా డబ్బు పంపేసి తప్పించుకుందామనీ అనుకోవద్దు. పోలీసు రికార్డులో అది చేరకపోతే ఫ్రీజ్ అలాగే ఉంటుంది.

2023లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసుల్లో, పోలీసులు చెప్పిన మొత్తానికే ఆంక్ష ఉండాలని తీర్పిచ్చింది. మన హైకోర్టులు దానికి కట్టుబడాల్సిన పని లేకపోయినా, లేఖలో ప్రస్తావించడం ఉపయోగమే. చట్టం ప్రకారం చూస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకున్న ఆస్తి గురించి పోలీసులు వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఆ నివేదిక వెళ్లిందా అని అధికారిని రాతపూర్వకంగా అడగవచ్చు.

బ్యాంకు, పోలీసులు ఇద్దరూ స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. చట్టాన్ని అమలు చేసే అధికారుల ఆదేశం మేరకు బ్యాంకు తీసుకున్న చర్యపై ఫిర్యాదును ఆ పథకం కింద తీసుకోరు. మిగిలేది సంబంధిత మేజిస్ట్రేటు కోర్టులో విడుదల దరఖాస్తు, లేదా హైకోర్టులో రిట్. ఏ కోర్టుకు వెళ్లినా వకీలు మొదట అడిగేది ముద్ర పడిన ఆ లేఖ ప్రతినీ, దాంతో ఇచ్చిన పత్రాలనూ.