త్రీడీ బొమ్మలో కనిపించని అతుకులు

పని మొదలుకాకముందే ఇంటీరియర్ డిజైనర్ నుంచి ఇంటివాళ్లకు అందాల్సిన ఉత్తరం ఒకటి ఉంది. చాలామంది డిజైనర్లు అది రాయరు. కొటేషన్ చివరి పేజీలో, సన్నటి అక్షరాల్లో, ‘త్రీడీ వ్యూలు అవగాహన కోసం మాత్రమే’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆ మాట నిజమే. కానీ ఏది మారుతుందో, ఎందుకు మారుతుందో, ఎంతవరకు మారవచ్చో అది చెప్పదు. దాంతో ఇంటివాళ్లు బొమ్మను ఫోన్‌లో దాచుకుని, నాలుగు నెలల తర్వాత గోడ పక్కన పెట్టి పోల్చుకుంటారు. గొడవ అక్కడ మొదలవుతుంది.

ఉదాహరణకు హైదరాబాద్‌లో ఒక కొత్త ఫ్లాట్ తీసుకుందాం. హాల్లో టీవీ గోడ 12 అడుగుల వెడల్పు, ఫాల్స్ సీలింగ్ కింద 9 అడుగుల ఎత్తు. త్రీడీలో ఆ గోడంతా ముదురు వాల్‌నట్ రంగు చెక్క. కింద నుంచి పైదాకా ఒకే చారలు, మధ్యలో ఎక్కడా గీత లేదు. ఇంటావిడకు అదే నచ్చింది. తన పని మీద శ్రద్ధ ఉన్న డిజైనర్ అప్పుడు రాసే ఉత్తరం దాదాపు ఇలా మొదలవుతుంది:

“మేడం గారూ, నమస్కారం. నిన్న పంపిన వ్యూలు మీకు, సార్‌కి నచ్చినందుకు సంతోషమండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక విషయం మీకు స్పష్టంగా చెప్పాలి. ఆ బొమ్మల్లో ఉన్నది మనం అనుకున్న ఆలోచన. టీవీ గోడ మీద బొమ్మలో కనిపించే చెక్క ఏ షాపులోనూ ఉన్నది ఉన్నట్టు దొరకదు. మనం కొనేది శాంపిల్ చూసి, కోడ్ నంబరు రాసుకుని కొంటాం. గోడ దగ్గర కొన్ని అతుకులు వస్తాయి. అవి ఎక్కడ వస్తాయో ఇప్పుడే చెబుతాను.”

ఈ అతుకుల సంగతే అన్నిటికంటే ముందు తేలాలి. కంప్యూటర్‌లో చెక్క అంటే ఒక చిన్న ఫొటో. సాఫ్ట్‌వేర్ దాన్ని గోడంతా పరిచేస్తుంది, ఎంత పెద్ద గోడైనా గీత పడదు. బజారులో ప్లైవుడ్, లామినేట్ మామూలుగా వచ్చే కొలత 8 అడుగులు, 4 అడుగులు. 12 అడుగుల గోడకి పక్కపక్కన మూడు షీట్లు పడతాయి కాబట్టి రెండు నిలువు అతుకులు తప్పవు. ఎత్తులో 8 అడుగులు పోగా ఇంకో అడుగు మిగులుతుంది, అక్కడ అడ్డంగా ఇంకో అతుకు. కొన్ని రకాల్లో 10 అడుగుల లామినేట్ షీట్లు దొరుకుతాయి గానీ, నచ్చిన రంగు అందులో ఉండాలని లేదు.

తెలిసిన డిజైనర్ ఈ అతుకుల్ని దాచాలని చూడడు, వాటికి చోటు చూపిస్తాడు. గోడ పొడవునా అడుగున్నర ఎత్తు కన్సోల్ పెట్టి, ప్యానెల్‌ని దాని పైనుంచే మొదలుపెడితే మిగిలేది ఏడున్నర అడుగులు. నిలువుగా పెట్టిన ఒక షీటు దానికి సరిపోతుంది, అడ్డగీత పోయింది. రెండు నిలువు అతుకుల దగ్గర సన్నటి గ్రూవ్ కొట్టిస్తే, అవి కావాలని పెట్టుకున్న గీతల్లా కనిపిస్తాయి. ఈ నిర్ణయం వర్కింగ్ డ్రాయింగ్‌లోకి ఎక్కాలి. అక్కడ లేకపోతే కార్పెంటర్ తన దగ్గరున్న షీటుని బట్టి, వేస్టేజీ తగ్గేలా, తనకు తోచిన చోట అతుకు వేస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు.

లామినేట్ బదులు అసలైన వాల్‌నట్ వెనీర్ అడిగితే కథ మారుతుంది. వెనీర్ అంటే దుంగ నుంచి పలుచగా తీసిన చెక్క పొర. ఒకే దుంగలో వరసగా తీసిన పొరల్లో చారలు కలుస్తాయి, వేరే దుంగ పొరల్లో కలవవు. అందుకే గోడకి కావలసిన షీట్లన్నీ ఒకే లాట్‌లో, ఒకేసారి, ఒకటి ఎక్కువే కొనాలి. తర్వాత తగ్గిందని తెస్తే ఆ ముక్క ఎప్పటికీ వేరుగానే కనిపిస్తుంది. షాపులో చూసే పొర పొడిగా, పాలిపోయి ఉంటుంది. పాలిష్ పడ్డాక రంగు ముదురుతుంది. తడిబట్టతో ఒక మూల తుడిచి చూస్తే ఆ ముదురు ఎంతో సుమారుగా తెలుస్తుంది. అసలు వాల్‌నట్ వెలుతురు తగులుతూ ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ కొంత లేతబడుతుంది కూడా. ఇవేవీ బొమ్మలో ఉండవు.

ఉత్తరంలో రెండో విషయం వెలుతురు.

“బొమ్మలో హాలు అంత కాంతిగా ఉండటానికి కారణం నేను పెట్టిన దీపాలండి. వాటిలో కొన్ని మీ ఇంట్లో ఉండవు. సాఫ్ట్‌వేర్‌లో కంటికి కనిపించని లైటు పెట్టుకునే వీలుంది. బాల్కనీ నుంచి పడే ఎండ కూడా నేను ఎంచుకున్న వేళకి వచ్చింది.”

ఇంత నిజాయితీగా చెప్పే డిజైనర్ మాట నమ్మవచ్చు. రంగు అనేది వస్తువులో సగం, దాని మీద పడే కాంతిలో సగం. 3000 కెల్విన్ పసుపు లైటు కింద వెచ్చగా కనిపించిన గోధుమ రంగు, 6500 కెల్విన్ తెల్లలైటు కింద బూడిద తిరిగినట్టు ఉంటుంది. షాపు ట్యూబులైట్ల కింద చక్కగా కలిసిన లామినేట్, సోఫా గుడ్డ ఇంట్లో పసుపు దీపాల కింద విడివిడిగా కనిపించడం మామూలే. కాబట్టి శాంపిల్ ముక్కని సైటుకి తెచ్చి, పెట్టబోయే గోడకే నిలబెట్టి, పగలు ఒకసారి, కొనబోయే బల్బు వెలిగించి రాత్రి ఒకసారి చూడాలి. పెయింట్ అయితే షేడ్ కార్డు చాలదు. గోడ మీద రెండడుగుల చదరం రెండు కోట్లు వేయించి, ఆరాక చూడాలి.

గది పెద్దగా కనిపించడం గురించి ఉత్తరంలో రెండు వాక్యాలు చాలు. సాఫ్ట్‌వేర్‌లో కెమెరాని గోడ అవతల నిలబెట్టి, గోడను మాయం చేసి తీయవచ్చు. వైడ్ లెన్స్ పెడితే ఎదుటి గోడ ఇంకా దూరం జరుగుతుంది. అనుమానం ఉన్నవాళ్లు కొలతలున్న ప్లాన్ తీసి, సోఫాకీ టీవీకీ మధ్య ఎన్ని అడుగులుందో చూసి, ఖాళీ ఫ్లాట్‌లో సుద్దముక్కతో నేలమీద గీసుకోవడం మంచిది. ఏసీ యూనిట్, స్విచ్‌బోర్డులు, మెయిన్ బాక్స్ బొమ్మలో లేకపోతే అవి ఎక్కడని అప్పుడే అడగాలి.

ఇక్కడ డిజైనర్లకీ ఒక మాట చెప్పాలి. ‘ఇది కాన్సెప్ట్ ఇమేజే’ అన్న మాట అన్నిటికీ అడ్డుపెట్టుకునే కవచం కాకూడదు. చెక్క చారలు, రంగులో కొద్దిపాటి తేడా, షోపీసులు మారితే ఒప్పుకోవచ్చు. బీఓక్యూలో వెనీర్ అని రాసి లామినేట్ వేస్తే, ఆరు డ్రాయర్లు అని రాసి నాలుగు చేస్తే అది వేరే సంగతి. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం ఒప్పందంలో చేస్తానన్న పని ఆ ప్రకారం చేయకపోవడం సేవాలోపం కిందికే వస్తుంది. అందుకే బొమ్మ కన్నా బీఓక్యూ ముఖ్యం. అందులో ‘వాల్‌నట్ ఫినిష్’ అని మాత్రమే ఉంటే ఏది వేసినా చెల్లుతుంది. బ్రాండు, కోడ్, మందం, మ్యాటా గ్లాసీనా అన్నది ఉంటే చెల్లదు. ఒకే రంగు రెండు మూడు ఫినిషుల్లో వస్తుంది కాబట్టి కోడ్‌తో పాటు ఫినిష్ పేరు కూడా రాయించుకోవాలి.

ఉత్తరం చివర్లో డిజైనర్ ఇలా రాస్తారు: “శనివారం సైటులో కలుద్దామండి. శాంపిల్స్ అన్నీ ఒక బోర్డు మీద అంటించి తెస్తాను. నచ్చిన ప్రతి ముక్క వెనకా కోడ్, తేదీ రాసి ఇద్దరం సంతకం చేద్దాం. ఒక ముక్క మీ దగ్గర, ఒకటి నా దగ్గర. కంపెనీ ఆ కోడ్ ఆపేసిందని తెలిస్తే, బదులు శాంపిల్ మీకు చూపించి, మీరు సరేనన్నాకే ఆర్డర్ పెడతాను. అందుకు పది రోజులు ఆలస్యమైనా సరే.”