నూరు శాతం కవరేజీ, అయినా తప్పిన బిల్లు

ఒక కిరాణా యాప్ ఉందనుకుందాం. 500 రూపాయలు, ఆపైన సరుకు కొంటే డెలివరీ ఉచితం. అంతకు తగ్గితే 40 రూపాయలు. ఆ లెక్క చూసే ప్రోగ్రామ్ ఇంతే:

```python
def delivery(total):
    if total >= 500:
        return 0
    return 40
```

ఇది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి రాసే మరో చిన్న ప్రోగ్రామే టెస్ట్. ఒక టెస్ట్ 800 ఇచ్చి దీన్ని నడిపింది, ఇంకోటి 200 ఇచ్చి నడిపింది. ప్రతి లైనూ ఒక్కసారైనా నడిచింది కాబట్టి కవరేజీ కొలిచే టూల్ 100 శాతం అని చూపిస్తుంది. మేనేజరుకు సంతోషం. కానీ వచ్చిన జవాబు 0 అవునా, 40 అవునా అని ఆ టెస్టులు అడగనే లేదనుకోండి. అప్పుడూ అదే 100 శాతం! గూర్ఖా వీధులన్నీ తిరిగాడని కవరేజీ చెప్పగలదు. కళ్లు తెరుచుకుని తిరిగాడో లేదో చెప్పలేదు. 80 శాతం తప్పనిసరి అని నిబంధన పెట్టిన ఆఫీసుల్లో ఇలా ఏమీ అడగని టెస్టులు ఎలా పుట్టుకొస్తాయో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. అయితే కవరేజీ 20 శాతమే ఉందంటే మాత్రం ఆ మాట నమ్మాల్సిందే. మిగతా 80 శాతం కోడ్‌ను ఎవరూ ముట్టలేదన్నమాట.

గూర్ఖాను పరీక్షించాలంటే మనమే ఒక దొంగను పంపాలి. మ్యుటేషన్ టెస్టింగ్ చేసేది అదే. 1971లో రిచర్డ్ లిప్టన్ విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ ఆలోచన చేశారు. 1978లో డిమిలో, సేవార్డ్‌లతో కలిసి రాసిన వ్యాసంతో అది నలుగురికీ తెలిసింది. టూల్ మన కోడ్‌లో కావాలని ఒక్క తప్పు పెట్టి, టెస్టులన్నీ మళ్లీ నడుపుతుంది. ఏదో ఒక టెస్ట్ ఫెయిలైతే ఆ మ్యుటెంట్ చచ్చినట్టు. అన్నీ పాసైతే తప్పు దర్జాగా బతికిపోయినట్టు.

మన టెస్టులకు కళ్లు తెరిపించి, 800కు 0, 200కు 40 రావాలని రాశాం. ఇప్పుడు టూల్ ఒకదాని తర్వాత ఒకటిగా అయిదు తప్పులు పెట్టింది. 0ను 1 చేసింది, చచ్చింది. 40ని 41 చేసింది, చచ్చింది. `>=` తీసి `<` పెట్టింది, అదీ చచ్చింది. `>=` బదులు `>` పెట్టింది, బతికింది. 500ను 501 చేసింది, అదీ బతికింది. స్కోరు అయిదింటికి మూడు, అంటే 60 శాతం. కారణం తెలుస్తూనే ఉంది: సరిగ్గా 500 రూపాయలకు కొన్నవాడి బిల్లు ఎవరూ చూడలేదు. 500 ఇస్తే 0 రావాలని మూడో టెస్ట్ రాస్తే ఆ రెండూ చస్తాయి.

స్కోరు అయిదింటికి అయిదు. అయినా ఈ 100నూ గుడ్డిగా నమ్మలేం. ఎవరైనా 500ను 499 చేస్తే మన మూడు టెస్టులూ పసిగట్టలేవు. 499 ఇచ్చి చూసే టెస్ట్ కూడా ఉండాలి. దీనికి తిరకాసు మరొకటుంది. మొత్తం ఎప్పుడూ పైసల్లేని రూపాయల్లోనే వస్తుందనుకుంటే `total > 499` అన్నా `total >= 500` అన్నా ఒకటే. అలాంటి మ్యుటెంట్‌ను ఏ టెస్టూ చంపలేదు. అది నిజంగా తప్పా, వేషం మార్చిన ఒప్పా అని మనిషి కూర్చుని తేల్చుకోవాలి. ఖర్చూ తక్కువ కాదు. టెస్టులన్నీ నడవడానికి 2 నిమిషాలు పడితే, 1000 మ్యుటెంట్లకు వరసగా 33 గంటలు. అందుకే గూగుల్‌లో మొత్తం కోడ్ మీద కాకుండా, మార్చిన లైన్లలోనే మ్యుటెంట్లు పెట్టి, కోడ్ రివ్యూలో చూపిస్తారు.

ఇంతా చేశాక యాప్ విడుదలైంది. ఒక కస్టమర్ 520 రూపాయల సరుకు కొని, 50 రూపాయల కూపన్ వాడాడు. డెలివరీ చార్జీ 520 మీద చూడాలా, 470 మీద చూడాలా? ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, దానికి కోడే రాయలేదు. లేని లైనును కవరేజీ లెక్కపెట్టలేదు, మ్యుటేషన్ మార్చలేదు. బయటికి తప్పించుకుపోయిన ఇలాంటి బగ్గుల లెక్కే మూడో కొలత.

విడుదలకు ముందు 45 దొరికి, తర్వాత కస్టమర్ల దగ్గర 5 బయటపడితే, మొత్తం 50లో 5, అంటే 10 శాతం జారిపోయాయి. తర్వాతి విడుదలలో కోడ్ శుభ్రంగా రాసినందువల్ల లోపల 15 మాత్రమే దొరికి, బయట అవే 5 వస్తే అది 25 శాతమవుతుంది. టీమ్ దిగజారిందా? లేదు, హారం తగ్గింది. పైగా వాడేవాళ్లే లేని ఫీచర్‌లో బగ్ ఎన్నాళ్లయినా బయటపడదు. కాబట్టి శాతం కంటే, జారిపోయిన ఒక్కొక్క బగ్గునూ విడిగా చూడటమే మేలని నా అభిప్రాయం. ఆ లైను నడవనే లేదా? నడిచినా జవాబు అడగలేదా? అసలు ఆ లైనే లేదా? మొదటిది కవరేజీ చూపించాల్సింది, రెండోది మ్యుటేషన్. మూడోది మాత్రం టెస్టుల తప్పు కాదు, కూపన్ గురించి ముందే అడగని మనుషులది.

మీ టీమ్‌లో మొదలుపెట్టాలనుకుంటే ప్రాజెక్టు మొత్తం మీద టూల్ నడపకండి. కిందటి నెల కస్టమర్ చేతికి చిక్కిన బగ్ ఏ ఫైలులో ఉందో ఆ ఒక్క ఫైలు తీసుకోండి. పైథాన్ అయితే mutmut, జావా అయితే PIT ఉన్నాయి. బతికిన మ్యుటెంట్లలో ముందుగా `>=` దగ్గరున్నవి చూడండి.