క్వాంటం పరీక్షకు పద్నాలుగు రోజులు

డిగ్రీ క్వాంటం మెకానిక్స్ పాత ప్రశ్నపత్రాలు ఐదారు పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని డెరివేషన్లు పదేపదే కనిపిస్తాయి. పెట్టెలో బంధించిన కణం, హార్మోనిక్ ఆసిలేటర్, పొటెన్షియల్ అడ్డుగోడ, హైడ్రోజన్ పరమాణువు అలాంటివే. మొదటి రోజు పుస్తకం తెరవకుండా, ఏ డెరివేషన్ ఎన్నిసార్లు వచ్చిందో ఒక కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టడమే పని. ఎక్కువ గీతలు పడినదానికే ఎక్కువ రోజులు ఇవ్వాలి.

రెండో రోజు నుంచి ఐదో రోజు వరకు పెట్టెకే కేటాయించవచ్చు. నాలుగు రోజులంటే ఎక్కువే అనిపిస్తుంది గానీ, మిగతా డెరివేషన్లు నడిచేదీ ఈ వరుసలోనే: సమీకరణం రాయడం, సరిహద్దు షరతులు పెట్టడం, నార్మలైజ్ చేయడం. పెట్టె లోపల ష్రోడింగర్ సమీకరణానికి సాధన ψ = A sin kx + B cos kx. x = 0 దగ్గర ψ సున్నా కావాలి కాబట్టి B పోతుంది. x = L దగ్గర కూడా సున్నా కావాలంటే kL = nπ. k² = 2mE/ħ² కనుక E = n²h²/8mL² వస్తుంది. n = 0 ఎందుకు కుదరదో ఒక వాక్యంలో చెప్పాలి: అప్పుడు ψ అంతటా సున్నా, అంటే పెట్టెలో కణమే లేదు. చాలామంది ఈ వాక్యం వదిలేస్తారు. చివరికి A = √(2/L). జవాబు సరిచూసుకోవడానికి ఎలక్ట్రాన్‌ను 1 నానోమీటరు పెట్టెలో పెట్టి లెక్కిస్తే, అత్యల్ప శక్తి సుమారు 0.38 ఎలక్ట్రాన్ వోల్టులు రావాలి. వేలల్లో వచ్చిందంటే ఎక్కడో ప్రమాణం తప్పినట్టే.

ఆరు నుంచి ఎనిమిది వరకు ఆసిలేటర్. ఇక్కడ జారేది ఒక్కచోటే. (mωx − ip)(mωx + ip) గుణించేటప్పుడు xp, px ఒకటే అనుకుంటే, xp − px = iħ నుంచి రావలసిన పదం మాయమవుతుంది. దానితోపాటే E = (n + ½)ħω లోని ½ కూడా పోతుంది. తుది జవాబులో ½ లేకపోతే వెనక్కి వెళ్లి చూడవలసింది ఆ గుణకారాన్నే.

తొమ్మిది, పది రోజులు అడ్డుగోడకు. E కన్నా ఎత్తయిన గోడ అంతులేకుండా సాగితే లోపల పెరిగే ఘాతపదాన్ని కొట్టేయాలి. గోడ మందం పరిమితమైతే మాత్రం రెండు పదాలూ ఉంచాలి. ఈ తేడా మరిచిపోతే టన్నెలింగ్ లెక్క మొదట్లోనే చెడుతుంది. R + T = 1 వచ్చిందా అన్నది చివరి తనిఖీ.

పదకొండు, పన్నెండు రోజుల్లో హైడ్రోజన్. చలరాశులను విడదీసే మెట్లు, మూడు క్వాంటం సంఖ్యలు ఎక్కడెక్కడ పుడతాయో వస్తే చాలు; రేడియల్ సమీకరణం పూర్తి సాధన తక్కువసార్లు వచ్చి ఉంటే దాన్ని ఆఖరికి నెట్టవచ్చు. పదమూడో రోజు గడియారం పెట్టుకుని ఒక పాత పేపరు మొత్తం రాయాలి. పద్నాలుగో రోజు కొత్త అధ్యాయం తెరవకుండా, అందులో పెన్ను ఆగిపోయిన పంక్తులను మాత్రమే చూడకుండా తిరగరాయాలి.